నాన్నగారి ఆరంగుళాల రీడర్‌కి ఏ ఫైలు తీసుకోవాలి: ఈపబ్ తీసుకోవాలా, పీడీఎఫ్ తీసుకోవాలా?

శ్రీవల్లి_కాకినాడ (శనివారం ఉదయం)

అందరికీ నమస్కారం. నాన్నగారికి ఈ ఏడాది రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. టీవీ బాగానే చూస్తున్నారు కానీ అచ్చు పుస్తకం మాత్రం పావుగంటకే పక్కన పెట్టేస్తున్నారు. మా తమ్ముడు వాడకుండా పడేసిన ఆరంగుళాల ఇంక్ రీడర్ ఒకటి ఇచ్చాడు. అందులో అక్షరం పెంచుకోవచ్చు కదా అని ఆశ.

ఆయన అడిగినవి నాలుగు పుస్తకాలు. ఒక కొత్త నవల: ప్రచురణకర్త ఈపబ్, పీడీఎఫ్ రెండూ అమ్ముతున్నారు. ఒక పాత నవల: పీడీఎఫ్ ఒక్కటే ఉంది, అది కొనేశాను. టీకా తాత్పర్యాలతో ఒక పద్యకావ్యం: రెండూ ఉన్నాయి. నాలుగోది మా పాపకి బొమ్మల కథల పుస్తకం. రాత్రిపూట వీడియో కాల్‌లో తాతగారు చదివి వినిపించాలట, ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉండాలట.

దేనికి ఏ ఫైలు తీసుకోవాలో చెప్పండి. రెండూ కొని చూసుకునేంత ఓపిక లేదు.

పాతపుస్తకాల_రాజు

ఇందులో ఆలోచించడానికి ఏముందండీ. తెలుగుకి ఎప్పుడూ పీడీఎఫే. ఈపబ్ ఇంగ్లీషు వాళ్ల కోసం చేసింది. తెలుగు ఈపబ్ ఒకటి తెరిచి చూశాను, "విద్య" అన్న మాటలో ద కింద పొల్లు, పక్కన విడిగా య. ఒత్తు అన్నదే లేదు. పుస్తకమంతా అంతే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా.

పీడీఎఫ్ అంటే అచ్చు పేజీని యథాతథంగా తెరమీద పెట్టడం. ఏ మెషిన్లో తెరిచినా అక్షరం కదలదు. నా దగ్గర పది అంగుళాల ట్యాబ్‌లో పాత స్కాన్లు వందల్లో ఉన్నాయి, హాయిగా చదువుకుంటున్నా.

పేజ్‌మేకర్_బాబాయి

రాజుగారూ, మీరు చెప్పింది పది అంగుళాల తెరకి నిజం. ఆ అమ్మాయి అడిగింది ఆరంగుళాల దాని గురించి. తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం.

విజయవాడలో ముప్ఫై ఏళ్లు పేజీలు పెట్టినవాణ్ణి. మన నవలలు ఎక్కువగా డెమీ ఒకటికి ఎనిమిది సైజు. అంటే కాగితం 140 మిల్లీమీటర్ల వెడల్పు, 216 ఎత్తు. అందులో అచ్చు పడే భాగం సుమారు 105 వెడల్పు, 170 ఎత్తు ఉంటుందనుకోండి. అక్షరం 14 పాయింట్లు అనుకుందాం.

ఆరంగుళాలు అంటే తెర మూలనుంచి మూలకి కొలత. నిజంగా దాని వెడల్పు 91 మిల్లీమీటర్లు, ఎత్తు 122. పేజీ మొత్తం అందులో పట్టాలంటే ఎత్తులో 122ని 216తో భాగించాలి, అంటే 56 శాతానికి కుదించాలి. 14 పాయింట్ల అక్షరం 8 పాయింట్లు అయిపోతుంది. పంచాంగంలో అక్షరాలకన్నా నయమనుకోవచ్చు, అంతే. మార్జిన్లు కోసేసి అచ్చు భాగం మాత్రమే చూపిస్తే 72 శాతం, అంటే 10 పాయింట్లు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకి అదీ చాలదు.

రీడర్‌ని అడ్డంగా తిప్పితే 122 మిల్లీమీటర్ల వెడల్పు దొరుకుతుంది. అప్పుడు 105 వెడల్పు గల లైను 16 పాయింట్ల అక్షరంతో కనిపిస్తుంది. అచ్చుకంటే పెద్దదే. కానీ ఒక్కో పేజీకి మూడుసార్లు తిప్పాలి.

మీ పది అంగుళాల ట్యాబ్‌లో డెమీ పేజీ దాదాపు అచ్చు సైజులోనే కనిపిస్తుంది కాబట్టి మీకు ఈ ఇబ్బంది తెలియలేదు.

కొత్త నవలకి ఈపబ్ తీసుకో అమ్మా. అందులో పేజీ అన్నదే ఉండదు. అక్షరం పెంచితే లైన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. నవలలో సర్దుకోలేనిది ఏదీ ఉండదు.

కిరణ్_గ్రూప్2

అన్నా, నాకూ ఇదే సమస్య. గ్రూప్ 2 మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లోనే ఉంది, ఫోన్లో చదువుతున్నా. నాలుగు నిలువు వరుసల పట్టికలు ఉంటాయి: పథకం పేరు, సంవత్సరం, లబ్ధిదారులు, కేటాయింపు. జూమ్ చేస్తే ఒక వరుసే కనిపిస్తుంది, తగ్గిస్తే ఏదీ కనిపించదు. ఈపబ్‌గా మారుస్తే పని అవుతుందా? ఫోన్లో జాగా కూడా మిగులుతుంది కదా?

వంశీ_కోడ్

కిరణ్ తమ్ముడూ, జాగా సంగతి ఎవరూ అడగలేదు 🙂 పట్టికలున్న పీడీఎఫ్‌ని మారిస్తే ముందు చెడిపోయేవి పట్టికలే. గళ్లన్నీ విడిపోయి ఒకదాని కింద ఒకటి పడతాయి. ఏ సంవత్సరం ఏ పథకానిదో తెలియదు. పరీక్షకి అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. ఫోన్ అడ్డంగా పెట్టుకో, లేదా పట్టికలున్న పేజీలు మాత్రం ప్రింట్ తీసుకో.

రాజుగారు చెప్పిన ఒత్తుల సంగతికి వస్తే, ఆ తప్పు ఈపబ్ ఫైలుది కాదు. ఫైలులో ఉండేది ద, పొల్లు, య అన్న మూడు కోడ్లే. వాటిని కలిపి "ద్య" అని గీయాల్సింది రీడర్లోని సాఫ్ట్‌వేర్. ఆ పని చేతకాని పాత సాఫ్ట్‌వేర్ ఉన్న దాంట్లో ఏ తెలుగు ఈపబ్ తెరిచినా మీరు చూసినట్టే కనిపిస్తుంది. అదే ఫైలుని ఫోన్లో తెరవండి, ఒత్తులు చక్కగా ఉంటాయి. పీడీఎఫ్‌లో ఆ బాధ ఎందుకు ఉండదంటే, కలిపి గీసే పని ఫైలు చేసిన రోజే అయిపోయి ఉంటుంది.

కాబట్టి శ్రీవల్లిగారూ, డబ్బులు పెట్టేముందు ఆ రీడర్‌కి తెలుగు వచ్చో రాదో చూడండి. ప్రచురణకర్త సైట్‌లో శాంపిల్ అధ్యాయం ఉంటే దింపండి. లేకపోతే తెలుగు వికీసోర్స్‌కి వెళ్లి ఏదైనా పుస్తకం ఈపబ్‌గా దింపుకోండి, అక్కడ ఉచితం. అందులో "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి", "జ్ఞానం" అన్న మాటలు వెతకండి. స్త్రీలో స కింద త ఒత్తు, ర ఒత్తు రెండూ సరిగా పడితే మిగతావన్నీ పడతాయి.

నా రీడర్లో నేను కేఓరీడర్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నా. అందులో అక్షరాల సెట్టింగ్‌లో `Font kerning` అని ఒకటి ఉంటుంది. అది `best` మీద ఉంటేనే తెలుగు సరిగా వస్తుంది. వేగం కోసం ఎవరైనా దాన్ని తగ్గించారంటే ఒత్తులు ఊడిపోతాయి. ఈ ముక్క తెలియక నేను రెండు వారాలు ఫాంట్లు మార్చుకుంటూ కూర్చున్నా.

పాతపుస్తకాల_రాజు

అయితే నా ఒట్టు తీసి గట్టుమీద పెట్టాలంటారు. సరే, ఫోన్లో చూస్తా. కానీ నేను చూసిన ఇంకో ఈపబ్ సంగతి ఏమంటారు? పాత స్కాన్లు ఉంచే ఒక సైట్‌లో 1930ల నాటి పుస్తకానికి పీడీఎఫ్ పక్కనే ఈపబ్ కూడా ఉంటే దింపాను. అందులో తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. అదీ సాఫ్ట్‌వేర్ తప్పేనా?

వంశీ_కోడ్

అది వేరే. ఆ ఈపబ్‌ని మనుషులు చేయలేదు. స్కాన్ బొమ్మల నుంచి అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్ తనంతట తానే చేసింది. తెలుగు రాని ప్రోగ్రామ్‌కి తెలుగు పేజీ ఇస్తే అలాంటిదే వస్తుంది. స్కాన్ పుస్తకం పక్కన ఈపబ్ కనిపిస్తే మొదటి పేజీ చూడకుండా నమ్మకండి. వికీసోర్స్‌లోవి మాత్రం పేజీ పేజీ మనుషులు దిద్దినవి ఉంటాయి. అన్నీ దిద్దడం పూర్తయినవి కావు గానీ, పూర్తయినవాటి ఈపబ్ బాగుంటుంది.

శ్రీవల్లి_కాకినాడ (ఆదివారం రాత్రి)

అందరికీ థాంక్సండీ. వంశీగారు చెప్పినట్టు వికీసోర్స్ నుంచి ఒకటి దింపి చూశా. స్త్రీ, రాష్ట్రం రెండూ సరిగ్గానే ఉన్నాయి. ధైర్యం చేసి కొత్త నవల ఈపబ్ కొన్నా. నాన్నగారు అక్షరం ఎంత పెద్దది పెట్టుకున్నారంటే తెరమీద పది లైన్లు కూడా పట్టట్లేదు, కానీ నిన్న మధ్యాహ్నం నుంచి కింద పెట్టలేదు. ఒక్కటే ఫిర్యాదు: మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తున్నాయట, "పళ్లు ఊడిన నోరులా ఉంది" అన్నారు.

పాత నవలతోనే గొడవ. పీడీఎఫ్‌ని క్యాలిబర్ అన్న ఫైళ్లు మార్చే ప్రోగ్రామ్‌లో పెట్టి ఈపబ్‌గా మార్చా. రాజుగారు చెప్పినట్టే అయింది, తెలుగు పోయి ఏవో యూరప్ అక్షరాలు. కానీ ఇది స్కాన్ కాదండీ, కంప్యూటర్లో చేసిన పుస్తకమే, మౌస్‌తో లైన్లు సెలెక్ట్ కూడా అవుతున్నాయి. మరి ఎందుకిలా?

వంశీ_కోడ్

ఖాళీల సంగతి సులువు. లైనుని రెండు వైపులా సమం చేసే సెట్టింగ్ తీసేసి ఎడమవైపు మాత్రమే సమంగా పెట్టండి. మన మాటలు సంధులు కలిసి పొడుగ్గా ఉంటాయి. "చేయవలసివచ్చినప్పటికీ" లాంటి మాట లైను చివర పట్టకపోతే మొత్తం కిందకి పోతుంది, పైన మిగిలిన మూడు మాటల్నీ లాగి లైను నింపుతుంది. అక్షరం పెద్దదయ్యేకొద్దీ ఇది ఎక్కువ.

రెండో దానికి బాబాయిగారే చెప్పాలి, ఆయన కాలం నాటి వ్యవహారం అది.

పేజ్‌మేకర్_బాబాయి

నా కాలం ఇంకా అయిపోలేదురా అబ్బాయ్.

అమ్మా, అది అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద చేసిన పుస్తకం అయి ఉంటుంది. మన ప్రచురణలో ఏళ్ల తరబడి అదే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకి తెలుగు కోడ్లు ఉండవు. ఇంగ్లీషు, యూరప్ అక్షరాల గళ్లలోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గడి, ఒత్తు ఇంకో గడి, కొమ్ము మరొకటి. ఆ ఫాంటు ఫైలులో ఉన్నంతసేపూ కంటికి తెలుగే. క్యాలిబర్ ఫాంటుని వదిలేసి కోడ్లని మాత్రం పట్టుకుపోయింది, అందుకే అసలు రంగు బయటపడింది.

ఏ పీడీఎఫ్ కొన్నా ముందు ఈ పరీక్ష చేసుకో. కంప్యూటర్లో తెరిచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వెయ్యి. ఏదీ సెలెక్టే కాకపోతే అది స్కాన్. పిచ్చి అక్షరాలు పడితే అను లాంటి పాత ఫాంటు. తెలుగే పడితే యూనికోడ్, అంటే తెలుగుకి సొంత కోడ్లు ఉన్న పద్ధతి. తెలుగు పడిందని సంబరపడకు, ఒక్కసారి చదివి చూడు. యూనికోడ్ పీడీఎఫ్‌ల నుంచి తీసినా ఒత్తులు, గుడులు స్థానం తప్పడం మామూలే, ఎందుకంటే పీడీఎఫ్‌లో దాచింది గీసిన బొమ్మల వరుస, రాసిన అక్షరాల వరుస కాదు.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ అది మీ పని కాదు, ప్రచురణకర్త పని. నేను అలాంటివి చేశాను. అసలు పేజ్‌మేకర్ ఫైలు ఉంటేనే పని సాగుతుంది. అందులోనూ మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు కన్వర్టర్లో పడి తెలుగు చెత్తగా మారతాయి, ఎందుకంటే కోడ్లు రెంటికీ ఒకటే. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ప్రతి లైను చివరా ఎంటర్ పడి ఉంటుంది, పేరాలన్నీ తిరిగి అతకాలి. ఆ తర్వాత మొదటి నుంచి చివరి దాకా ప్రూఫ్ చూడాలి. రెండొందల పేజీల పుస్తకానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

కాబట్టి పాత నవలని పీడీఎఫ్‌గానే చదివించే దారి చూడు. అడ్డంగా తిప్పి ప్రయత్నించావా?

శ్రీవల్లి_కాకినాడ

ప్రయత్నించాం బాబాయిగారూ. అక్షరం సరిపోయింది. కానీ మీరు చెప్పినట్టే పేజీకి మూడుసార్లు తిప్పాలి, ఆ మూడోసారి రెండు లైన్లే ఉంటున్నాయి. "కథ చదవడానికన్నా వేలు నొక్కడానికే సరిపోతోంది" అంటున్నారు. పైగా రీడర్‌ని అడ్డంగా పట్టుకుంటే బొటనవేలు తెరమీద పడి పేజీ తిరిగిపోతోంది.

వంశీ_కోడ్

అయితే k2pdfopt చూడండి. ఉచితం, కంప్యూటర్లో నడుస్తుంది. ఇది అక్షరాలు చదవదు, పేజీని బొమ్మగా చూస్తుంది. తెల్లటి ఖాళీలు పట్టుకుని లైన్లనీ మాటలనీ చిన్న చిన్న ముక్కలుగా కోసి, మీ తెర వెడల్పుకి మళ్లీ పేరుస్తుంది. కోసేది బొమ్మనే కాబట్టి అను ఫాంటైనా స్కానైనా దానికి ఒకటే. ముందు ఐదారు పేజీలతో చూడండి, పుస్తకం మొత్తం ఇవ్వకండి:

```
k2pdfopt -dev kp3 -p 20-25 navala.pdf
```

`kp3` చోట మీ రీడర్ కోడ్ వేసుకోవాలి, ప్రోగ్రామ్ సహాయంలో జాబితా ఉంటుంది. `navala_k2opt.pdf` అన్న కొత్త ఫైలు వస్తుంది, పాతది అలాగే ఉంటుంది. అక్షరం ఇంకా పెద్దది కావాలంటే `-odpi 400` చేర్చండి. `kp3`కి మామూలుగా అది 300 మీద ఉంటుంది, పెంచేకొద్దీ అక్షరం పెరుగుతుంది.

పేజ్‌మేకర్_బాబాయి

అందులో మన తెలుగుకి ఒక చిక్కు ఉంది వంశీ. కాగితం కలిసొస్తుందని మేం లైన్లు దగ్గరదగ్గరగా పెట్టేవాళ్లం. పై లైనులోని ఒత్తులు కింద లైనులోని గుడులకి తగులుతుంటాయి. మధ్యలో తెల్లటి ఖాళీ లేకపోతే అది రెండు లైన్లని ఒకే లైను అనుకుంటుంది. కొన్నిచోట్ల దీనికి ఎదురు, ఒత్తు మరీ కిందకి ఉంటే దాన్ని వేరే లైను అనుకుని విడిగా కోసేస్తుంది. అమ్మాయి చూసుకోవాల్సింది అదే: రెండు లైన్లు కలిసి ఒక ముద్దగా, చిన్నగా ఎక్కడైనా కనిపిస్తున్నాయా, ఒత్తులు అనాథల్లా ఎక్కడైనా పడి ఉన్నాయా.

లత_ఎడిసన్

బొమ్మల పుస్తకం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా, నేను దెబ్బతిన్నదాన్ని. న్యూజెర్సీలో ఉంటాం, మా బాబుకి ఐదేళ్లు. ఒక తెలుగు బొమ్మల కథ ఈపబ్ అని ఉంటే, ఈపబ్ కదా అక్షరం పెంచుకోవచ్చని కొని నా ఆరంగుళాల రీడర్లో వేశా. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెంచుదామంటే ఆ బటనే పనిచేయలేదు. బొమ్మలు సరేసరి, ఏనుగు కూడా బూడిద రంగు, అడవి కూడా బూడిద రంగు.

తర్వాత తెలిసింది, ఈపబ్‌లోనే రెండు రకాలు ఉన్నాయట. ఇది ఫిక్స్‌డ్ లేఅవుట్, పేజీ కదలదు. పేరుకి ఈపబ్, తీరు పీడీఎఫ్‌ది. కానీ అదే ఫైలుని పెద్ద ట్యాబ్‌లో తెరిస్తే ఎంత బాగుందో! రెండు పేజీలు పక్కపక్కన, ఏనుగు తొండం ఎడమ పేజీలో, నీళ్లు చిమ్మేది కుడి పేజీలో. అక్షరాలు మామూలుగా సర్దుకునే ఈపబ్‌లో అయితే ఏనుగు ఒకచోట, దాని మాటలు మూడు పేజీల తర్వాత పడతాయి. కాబట్టి తప్పు పుస్తకానిది కాదు, నేను తెరిచిన చోటుది.

మీ నాన్నగారికి వీడియో కాల్‌లో చదవడానికే అయితే రీడర్ వద్దండీ, ఇంట్లో ట్యాబో కంప్యూటరో చూడండి. ముందు ఉచితంగా ప్రయత్నించాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు దింపుకోవచ్చు.

వంశీ_కోడ్

లతగారు చెప్పింది చాలా మందికి తగిలే దెబ్బ. కొనేశాక తెలుసుకోవాలంటే ఒక దారి ఉంది. ఈపబ్ అంటే నిజానికి జిప్ ఫైలే. పేరు చివర `.zip` అని మార్చి విప్పి, అందులో `.opf` అన్న ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఈ లైను కనిపిస్తే అది కదలని రకం:

```
<meta property="rendition:layout">pre-paginated</meta>
```

కొనేముందు అయితే శాంపిల్‌ని ఫోన్లో తెరిచి అక్షరం పెంచి చూడటమే.

ఛందోభిరామం

ఇంత చర్చ జరిగింది, పద్యకావ్యం ఊసు లేదు! నవలలో లైను ఎక్కడ విరిగినా నష్టం లేదు. పద్యంలో పాదం అంటే పాదమే. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు. ఆ పెద్దాయన పెట్టుకున్న సైజులో లైనుకి పన్నెండు, పదమూడు అక్షరాలు పడతాయేమో. మిగిలిన ఏడెనిమిది కింద పడతాయి. నాలుగు పాదాల పద్యం ఎనిమిది లైన్లవుతుంది, ఏది పాదం మొదలో తెలియదు. ప్రాస చూడాలంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కంటికి కనబడాలి కదా? సీసమైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

పద్యాలకి పీడీఎఫ్ తప్ప వేరే దారి లేదని నా అభిప్రాయం. అడ్డంగా తిప్పుకుని చదవమనండి. పద్యం ఎలాగూ నిదానంగా చదివేదే, నవలలా పేజీలు పరిగెత్తించరు.

వంశీ_కోడ్

ఈపబ్ చేసేవాళ్లు శ్రద్ధ పెడితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుందండీ. పాదానికి ఒక పేరా ఇచ్చి, మిగిలిన ముక్క కిందకి పడినప్పుడు లోపలికి జరిగేలా రాస్తే చాలు:

```
p.padam { padding-left: 2em; text-indent: -2em; text-align: left; }
```

అప్పుడు పాదం మొదలైన లైన్లన్నీ ఎడమ అంచున, కొనసాగింపులు లోపలికి ఉంటాయి. ప్రాసాక్షరం నాలుగు చోట్లా ఒకదాని కింద ఒకటి కనిపిస్తుంది. లేకపోతే పాదాన్ని యతి దగ్గరే రెండుగా విరిచి రాయొచ్చు కదా? ఉత్పలమాలకి పదో అక్షరం దగ్గర. దాదాపు సగం.

ఛందోభిరామం

మొదటిది ఒప్పుకుంటా. రెండోది మాత్రం వద్దు బాబూ. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట ఆగుతుంది. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికి పదో అక్షరం చుట్టం కావాలి, అంతే. మాట అక్కడ ఆగాలని నియమం లేదు. తొమ్మిదో అక్షరంతో మొదలైన మాట పన్నెండు దాకా సాగొచ్చు. నువ్వు పదో దగ్గర విరిస్తే మాటని నడుముకి విరిచినట్టే.

పేజ్‌మేకర్_బాబాయి

అచ్చులో సీసపాదాన్ని రెండు లైన్లుగా విరిచే పెడతాం కదా ఛందోభిరామంగారూ.

ఛందోభిరామం

సీసపాదం స్వభావమే రెండు భాగాలు. వృత్తం అలా కాదు. దీనిమీద నేను వెనక్కి తగ్గను.

శ్రీవల్లి_కాకినాడ (బుధవారం)

మీ వాదన నాన్నగారికి చదివి వినిపించా. "ఛందోభిరామం చెప్పింది నిజం, కానీ వంశీ చెప్పినట్టు లోపలికి జరిపితే నాకు చాలు" అన్నారు 🙂

కావ్యం ఈపబ్ శాంపిల్ చూశాం. పద్యపాదాలు లోపలికేమీ జరగట్లేదు, అన్నీ ఎడమ అంచుకే ఉన్నాయి. పైగా ప్రతిపదార్థం పట్టికలా పెట్టారు, ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. పెద్ద అక్షరంతో కుడి గడి కోసుకుపోతోంది. పీడీఎఫ్ శాంపిల్‌లో పద్యం బాగుంది, టీక మాత్రం ఇంకా చిన్న అక్షరాలు. ఏది కొనాలో తేల్చుకోలేక ఆగాం.

పాత నవలకి k2pdfopt చేశా. మొదట ఆరు పేజీల్లో రెండు చోట్ల బాబాయిగారు చెప్పిన ముద్ద వచ్చింది, రెండు లైన్లు అతుక్కుని. కథకి అడ్డం రాలేదని మొత్తం పుస్తకం చేశా. ఫైలు బాగా లావయింది, రీడర్ ఒక్కో పేజీకి క్షణం ఆలోచిస్తోంది. కానీ నిలువుగా పట్టుకుని, పెద్ద అక్షరంతో, పేజీ తర్వాత పేజీ చదువుకుంటున్నారు. ముద్ద పడ్డచోట వేలితో జూమ్ చేసి చూస్తున్నారట.

బొమ్మల పుస్తకం కదలని రకం ఈపబే కొన్నా, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో నాన్నగారు, నా ట్యాబ్‌లో పాప. మా ఇద్దరి దగ్గరా ఒకే పేజీ ఒకేలా ఉండటం వల్ల "తాతా, కుందేలు ఎక్కడుంది?" అంటే ఆయన "కుడివైపు చెట్టు కింద" అని చెప్పగలుగుతున్నారు.

పాతపుస్తకాల_రాజు

నేనూ ఆ పాత ఈపబ్‌ని ఫోన్లో తెరిచి చూశాను. "విద్య" సరిగ్గానే ఉంది. ఒప్పుకుంటున్నా. అయినా పరిశోధనకి పేజీ నెంబరు కావాలంటే మాత్రం నా పీడీఎఫే. "ఫలానా ముద్రణ, 112వ పేజీ" అని రాయాలి నేను. అక్షరం పెంచితే మారిపోయే పేజీకి నెంబరు ఏం వేస్తాను?

వంశీ_కోడ్

అచ్చు పేజీ నెంబర్లని ఈపబ్‌లో కనపడకుండా గుర్తులుగా పెట్టే వీలుందండీ. తెలుగు పుస్తకాల్లో ఎవరైనా పెట్టగా నేనైతే చూడలేదు.

కిరణ్_గ్రూప్2

పట్టికల పేజీలు ప్రింట్ తీయించా అన్నా, నలభై మూడు వచ్చాయి. మిగతా మెటీరియల్‌కి ఆ k2 ప్రోగ్రామ్ ఫోన్లో పనిచేస్తుందా?

వంశీ_కోడ్

ఆండ్రాయిడ్ ఫోనైతే కేఓరీడర్ వేసుకో. పీడీఎఫ్ తెరిచాక కింద మెనూలో `Reflow` అని ఉంటుంది, లోపల అదే పద్ధతి. పట్టిక వచ్చినప్పుడు ఆపెయ్, లేకపోతే గళ్లని కూడా మాటలే అనుకుని కోసి పేరుస్తుంది.

పేజ్‌మేకర్_బాబాయి

శ్రీవల్లీ, ఆ కావ్యం ప్రచురణకర్తకి ఒక ఉత్తరం రాయమ్మా. పద్యపాదాలు లోపలికి జరపాలని, ప్రతిపదార్థాన్ని పట్టికలో కాకుండా మాట, సమానం గుర్తు, అర్థం వరసగా పెట్టమని. వంశీ రాసిన ఆ ఒక్క లైను కూడా జత చెయ్యి. పట్టిక విప్పడం ఒక పూట పని. చేస్తారో లేదో వాళ్ల ఇష్టం, అడిగితే పోయేదేం లేదు.

శ్రీవల్లి_కాకినాడ

ఈ రోజే రాశానండీ. జవాబొస్తే ఇక్కడ పెడతా. అందాకా నాన్నగారు కావ్యం అచ్చు పుస్తకమే భూతద్దంతో రోజుకి రెండు పద్యాలు చదువుతున్నారు.